పది నిమిషాల్లో ఒక పైలట్ అధ్యయనం: సదస్సుకు స్లైడ్లు కూర్చడం

ఒక కొత్త పద్ధతి పనిచేస్తుందో లేదో తేల్చడానికి వందల మందితో, నెలల తరబడి పెద్ద అధ్యయనం చేయాలి. అంత ఖర్చు పెట్టే ముందు అసలు ఆ పని ఊళ్లలో నడుస్తుందా, జనం ఒప్పుకుంటారా, చేరినవాళ్లు చివరిదాకా ఉంటారా, కొలతలు సరిగా అందుతాయా అని కొద్దిమందితో చేసి చూసేదే పైలట్ అధ్యయనం. ప్రజారోగ్య సదస్సుల్లో ఇలాంటివాటికి సాధారణంగా పది నిమిషాలు ఇస్తారు. అందులో చాలాచోట్ల రెండు నిమిషాలు ప్రశ్నలకే పోతాయి. మిగిలేది ఎనిమిది. స్లైడ్ల రూపకల్పన మొత్తం ఈ రెండు సంగతుల మీదే ఆధారపడుతుంది: అధ్యయనం చిన్నది, సమయం తక్కువ.

ఎక్కువమంది చేసే పని, రాసిన వ్యాసాన్నో థీసిస్‌నో తెరిచి అందులోని శీర్షికలనే స్లైడ్లుగా మార్చడం. నేపథ్యం, లక్ష్యాలు, పద్ధతులు, ఫలితాలు, చర్చ, ముగింపు అంటూ ఇరవై స్లైడ్లు తయారవుతాయి. నేపథ్యంలోనే నాలుగు నిమిషాలు గడుస్తాయి. రక్తపోటు ప్రమాదకరమైనదని ప్రజారోగ్య సదస్సుకు వచ్చినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. చివరికి అధ్యక్షస్థానంలో ఉన్నవారు గంట కొట్టే సమయానికి వక్త ఫలితాల పట్టిక దగ్గర ఉంటారు. అందరూ వినడానికి వచ్చిన భాగం పరుగులో పోతుంది.

అందుకే పవర్‌పాయింట్ తెరవకముందే ఒక వాక్యం రాసుకోవాలి. పైలట్ అధ్యయనం విషయంలో ఆ వాక్యం ‘ఈ పద్ధతి పనిచేసింది’ అని ఉండకూడదు. ‘పెద్ద అధ్యయనం చేయవచ్చు, అయితే ఫలానాది మార్చాలి’ అనో, ‘ఇలాగైతే చేయలేం’ అనో ఉండాలి. ఆ వాక్యానికి పనికొచ్చే స్లైడ్ ఉంటుంది, పనికిరానిది పోతుంది.

ఇది స్పష్టం కావడానికి ఒక ఊహాత్మక అధ్యయనాన్ని తీసుకోవచ్చు. అంకెలు కూడా ఉదాహరణ కోసం కల్పించినవే. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఇప్పటికే అధిక రక్తపోటు ఉన్నట్టు తేలినవారి ఇళ్లకు ఆశా కార్యకర్తలు వారానికొకసారి వెళ్లి, డిజిటల్ యంత్రంతో బీపీ చూసి, మాత్రలు వేసుకుంటున్నారో లేదో అడిగి రాసుకోవాలి. పైలట్ ఎనిమిది వారాలు. 96 మందిని అడిగితే 72 మంది ఒప్పుకున్నారు. చివరి వారానికి 61 మంది మిగిలారు. 72 మందికి ఎనిమిదేసి చొప్పున 576 సందర్శనలు జరగాల్సి ఉండగా 438 జరిగాయి. మరో అంకె కూడా ఉంది: చివరిదాకా ఉన్నవారి పై రక్తపోటు సగటు మొదట్లో 152, చివర్లో 144.

ఈ చివరి అంకెను చూడగానే చేతులు దురద పెడతాయి. రెండు నిలువు పట్టీలు, మధ్యలో కిందికి దిగే బాణం, ‘ఎనిమిది పాయింట్ల తగ్గుదల’ అనే శీర్షిక: సదస్సులో చప్పట్లు తెచ్చే స్లైడ్ ఇదే. కానీ ఈ అధ్యయనం నిలబడలేని చోటు కూడా ఇదే. పోల్చడానికి మరో బృందం లేదు. బీపీ ఎక్కువగా ఉన్న రోజున ఎంపికైన మనిషికి తర్వాత ఎప్పుడు కొలిచినా, ఏ చికిత్సా లేకపోయినా, సగటున కొంత తక్కువే వస్తుంది. గణాంక శాస్త్రం దీన్ని సగటు వైపు మళ్లే ధోరణిగా చెబుతుంది. దానికి తోడు మధ్యలో మానేసిన 11 మంది ఈ లెక్కలో లేరు. బహుశా మాత్రలు సరిగా వేసుకోనివాళ్లే మానేసి ఉండొచ్చు. యంత్రానికి, ఆశా కార్యకర్త రాకకు అలవాటు పడి కంగారు తగ్గడం వల్ల కూడా అంకె దిగుతుంది. ఇన్ని కారణాల్లో ఏది ఎంతో 61 మందితో తేల్చలేం.

యాదృచ్ఛిక పద్ధతిలో చేసే పైలట్ పరీక్షల నివేదికల కోసం 2016లో కన్సార్ట్ మార్గదర్శకాలకు ఒక అనుబంధం వెలువడింది. పైలట్ లక్ష్యం ఆచరణ సాధ్యతే గనుక, చికిత్స ప్రభావాన్ని పీ వాల్యూలతో రుజువు చేయబోవద్దని దాని సారాంశం. పోలిక బృందం లేని పైలట్‌కూ ఆ హితవు వర్తిస్తుంది, నిజానికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. బీపీ సగటును చూపాలనుకుంటే అదనపు స్లైడ్లలో, చివర, ఎవరైనా అడిగితే తీసేలా ఉంచుకోవచ్చు.

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పే నిజమైన ఉదంతం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. గుండె జబ్బుల ముప్పును గుర్తించడానికి ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ ఇచ్చే స్మార్ట్‌హెల్త్ ఇండియా పద్ధతిని మొదట చిన్న స్థాయిలో పరీక్షించారు. ఆశాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు దాన్ని వాడగలరని 2014లో ప్రచురించిన ఆ క్షేత్ర పరీక్ష చూపింది. తర్వాత పశ్చిమ గోదావరి ప్రాంతంలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద యాదృచ్ఛిక పరీక్ష జరిగింది. 2019లో ఫలితాలు వచ్చాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో బీపీ అదుపులోకి వచ్చినవారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పద్ధతి నడిచింది, ఆశించిన ఫలితం మాత్రం రాలేదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం. ఆ మొదటి దశలోనే ఎవరైనా ‘బీపీ తగ్గింది’ అని స్లైడ్ వేసి ఉంటే అది ఎంత తొందరపాటయ్యేదో ఊహించవచ్చు.

ఇక మన ఉదాహరణలోని ఎనిమిది నిమిషాలకు ఏడు స్లైడ్లు చాలు. పేరు, సంస్థ ఉన్న మొదటిదాన్ని చదవనక్కర్లేదు. అధ్యక్షులు ఎలాగూ పరిచయం చేస్తారు. రెండోదానిలో సమస్య ఒక్కటే ఉండాలి, అదీ స్థానికంగా: బీపీ ఉందని తేలినవారు మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్లాక, మళ్లీ ఆరోగ్య కేంద్రానికి వచ్చేదాకా వారి సంగతి ఎవరికీ తెలియదు. ఒక నిమిషం. మూడో స్లైడ్‌లో ఏం చేశారో చూపాలి. ఇక్కడ పేరాలు రాసే బదులు ఒక ఆశా కార్యకర్త వారం ఎలా సాగిందో నాలుగు చిన్న బొమ్మల్లో చూపిస్తే సరిపోతుంది: ఇంటికి వెళ్లడం, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి కొలవడం, పుస్తకంలో రాయడం, అంకె మరీ ఎక్కువగా ఉంటే ఏఎన్ఎంకు ఫోన్ చేయడం. ఎథిక్స్ కమిటీ అనుమతి, అంగీకార పత్రాల సంగతి కింద ఒక్క వరుసలో ఉంటే చాలు.

నాలుగో స్లైడ్ నుంచి అసలు విషయం మొదలవుతుంది. ఇది మనుషుల లెక్క చూపే ప్రవాహ చిత్రం. పైన 96, మధ్యలో 72, కింద 61. పక్కకు వెళ్లిన బాణాల దగ్గర వద్దన్న 24 మంది, మానేసిన 11 మంది. ఈ బొమ్మలో ఎక్కువమంది వక్తలు నిలువు వరుసనే వివరిస్తారు. పైలట్‌లో విలువైనవి పక్క బాణాలు. వద్దన్న 24 మందిలో 13 మంది పగలంతా కూలికి వెళ్లేవారు, ఏడుగురికి ఆసక్తి లేదు, నలుగురి విషయంలో ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. మానేసినవారిలో ఆరుగురు వలస వెళ్లారు, ముగ్గురు ప్రైవేటు డాక్టరు దగ్గరికి మారారు, ఇద్దరు అంగీకారం వెనక్కి తీసుకున్నారు. పెద్ద అధ్యయనం ఎక్కడ దెబ్బతింటుందో ఈ చిన్న అంకెలే చెబుతాయి. కాబట్టి అవి చిత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. మధ్య వరుసలోని పెట్టెలు కాస్త చిన్నవైనా నష్టం లేదు.

ఐదో స్లైడ్ ఈ ప్రసంగానికి గుండెకాయ. పైలట్ మొదలుపెట్టే ముందే, ఏ అంకె వస్తే ముందుకు వెళ్లాలి, ఏ అంకె వస్తే మార్పులు చేయాలి, ఏది వస్తే ఆపాలి అని రాసుకోవడం మంచి పద్ధతి. పరిశోధకులు వీటిని ట్రాఫిక్ లైట్ల రంగులతో గుర్తిస్తారు. మన ఉదాహరణలో అంగీకారం 70 శాతం, చివరిదాకా నిలవడం 80 శాతం, సందర్శనలు 80 శాతం దాటితే ఆకుపచ్చ అనుకుందాం. సందర్శనలు 60కీ 80కీ మధ్య ఉంటే పసుపు. వచ్చినవి వరుసగా 75, 85, 76. అంటే రెండు ఆకుపచ్చ, ఒకటి పసుపు.

దీన్ని మూడు వరుసల పట్టికగా చూపవచ్చు. కానీ అడ్డంగా మూడు గీతలు గీసి, ప్రతిదానిమీద హద్దు ఎక్కడుందో ఒక చిన్న నిలువు గుర్తు, వచ్చిన ఫలితం ఒక చుక్కగా పెడితే చూసేవారికి క్షణంలో అందుతుంది. ఒకే కొలబద్ద మీద ఉన్న స్థానాలను మనిషి కన్ను చాలా కచ్చితంగా పోల్చగలదని, కోణాలను, వైశాల్యాలను పోల్చడంలో తడబడుతుందని క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు 1984లో ప్రయోగాలతో చూపారు. గుండ్రటి పై చార్టులు ఇలాంటిచోట పనికిరాకపోవడానికి కారణం అదే. చుక్కకు రెండు పక్కలా గీత గీసి అనిశ్చితిని చూపడం కూడా ఇందులో తేలిక. 96 మందిలో 72 మంది అంటే 75 శాతమే అయినా, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ దాదాపు 65 నుంచి 83 దాకా పరుచుకుంటుంది. 70 హద్దు ఆ గీత లోపలే పడుతుంది. అంటే ఈ ఆకుపచ్చ అంత దృఢమైనది కాదు. ఆ మాట వక్తే ముందుగా అంటే, ప్రశ్నల సమయంలో ఎవరో పట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

సందర్శనల గీత దగ్గర ఇంకో మెలిక ఉంది. 438ని 576తో భాగించి, 576 మంది ఉన్నట్టుగా అనిశ్చితిని లెక్కగడితే గీత మరీ పొట్టిగా, నమ్మకంగా కనబడుతుంది. ఉన్నది 72 మంది మనుషులే. ఒకరి ఎనిమిది సందర్శనలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకే ఆశా చూసే ఇళ్లూ అంతే. దానికి తగ్గ లెక్క చేయించుకోవాలి. అది చేతిలో లేకపోతే గీత లేకుండా చుక్క మాత్రమే పెట్టడం నిజాయితీ.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా గుర్తించలేనివారు, ముఖ్యంగా మగవారిలో, ప్రతి పెద్ద హాల్లోనూ కొందరు ఉంటారు. పాత ప్రొజెక్టర్ మీద పసుపు తెల్లగా వెలిసిపోతుంది. అందువల్ల రంగు పక్కనే ‘కొనసాగించు’, ‘మార్చు’ అనే మాటలు కూడా రాయాలి. స్లైడ్‌ను నలుపు తెలుపుల్లో ముద్రించి చూస్తే, రంగు లేకుండా అర్థం నిలుస్తుందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

ఆరో స్లైడ్ పసుపు ఎందుకు వచ్చిందో చెప్పాలి. సందర్శనల మొత్తాన్ని వారాలవారీగా విడదీస్తే కథ బయటపడుతుంది. 72 ఇళ్లకు గాను మొదటి నాలుగు వారాల్లో 68, 66, 63, 61. ఐదు, ఆరు వారాల్లో 41, 38. తర్వాత 50, 51. ఎనిమిది చుక్కలు, వాటిని కలిపే ఒక గీత, పడిపోయిన రెండు వారాల వెనుక లేత బూడిద రంగు పట్టీ, దాని మీద ‘వరినాట్లు’ అనే మాట. వివరాల సూచికను పక్కన పెట్టె కట్టి ఇస్తే చూపు అటూ ఇటూ తిరగాలి. మాటను గీత మీదే రాస్తే ఆ శ్రమ తప్పుతుంది. నిలువు అక్షం సున్నా నుంచి 72 వరకు ఉండాలి. 35 నుంచి మొదలుపెడితే ఆ పతనం ఉన్నదానికంటే భయంకరంగా కనిపిస్తుంది. ఇక్కడ భాగహారం ఎందుకు 72తోనే చేశారో కూడా చెప్పాలి. మానేసినవారిని తీసేసి లెక్కిస్తే చివరి వారాలు మెరుగ్గా కనబడతాయి, కానీ వారి దగ్గరికి వెళ్లలేకపోవడం కూడా పద్ధతి వైఫల్యంలో భాగమే.

ఈ గీత ఏం జరిగిందో చూపుతుంది తప్ప ఎందుకో చెప్పదు. దానికి ఆశాలతో జరిపిన మాటామంతీ కావాలి. నాట్ల రోజుల్లో ఆడవాళ్లు పొద్దున్నే పొలానికి వెళ్లి పొద్దుగూకాక వస్తారు, ఇళ్లకు తాళాలు. అదే వానాకాలంలో ఆశాలను జ్వరాల సర్వేకు పంపుతారు. ఈ రెండు కారణాలను గ్రాఫ్ కింద రెండు చిన్న వరుసల్లో పెట్టవచ్చు. ఆశా కార్యకర్త అన్న మాటను ఉన్నదున్నట్టుగా వేస్తే ఇంకా బాగుంటుంది, కానీ మాట్లాడింది ఎవరో ఊరివాళ్లు గుర్తుపట్టేలా ఉండకూడదు. పన్నెండు మంది ఆశాలున్నచోట ‘ఫలానా గ్రామానికి చెందిన సీనియర్ ఆశా’ అని రాయడం పేరు రాయడంతో సమానం.

ఫొటోలకూ మ్యాపులకూ ఇదే వర్తిస్తుంది. బీపీ చూయించుకుంటున్న ముసలమ్మ ముఖం స్లైడ్‌కు ప్రాణం పోస్తుందనిపించవచ్చు. అధ్యయనంలో చేరడానికి ఆమె ఇచ్చిన అంగీకారం, వందల మంది ముందు ముఖం చూపడానికి ఇచ్చిన అంగీకారం ఒకటి కాదు. ఇప్పుడు హాల్లో సగం మంది ఫోన్లతో స్లైడ్లను ఫొటో తీసుకుంటారు, అవి ఎక్కడికి చేరతాయో తెలియదు. చేతులు, యంత్రం, రికార్డు పుస్తకం ఉన్న ఫొటో చాలు, పుస్తకంలోని పేర్లు మాత్రం కనబడకూడదు. గ్రామాల మ్యాపు మీద రోగులను చుక్కలుగా పెట్టడం చిన్న అధ్యయనాల్లో పూర్తిగా మానుకోవాల్సిన పని.

ఏడో స్లైడ్‌లో మార్చబోయేవి ఉంటాయి. మన ఉదాహరణలో రెండే: సందర్శనలను సాయంత్రానికి మార్చడం, నాట్ల వారాల్లో వారానికొకసారికి బదులు రెండు వారాలకొకసారి వెళ్లడం. వాటి పక్కన పెద్ద అధ్యయనం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతుందో ఒక వాక్యం. బీపీ తగ్గుతుందా అనే ప్రశ్నకు చోటు ఇక్కడే, ఇంకా జవాబు దొరకని ప్రశ్నగానే. ప్రశ్నల సమయం అంతా తెర మీద ఉండాల్సింది ఈ స్లైడే. ‘ధన్యవాదాలు’ అని పూలగుత్తితో ఒక స్లైడ్ పెట్టే అలవాటు మనదగ్గర బలంగా ఉంది. కానీ అది వస్తే చర్చకు పనికొచ్చే సమాచారమంతా తెర మీంచి మాయమవుతుంది. ధన్యవాదాలు నోటితో చెబితే చాలు.

శీర్షికల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ‘ఫలితాలు’ అనే శీర్షిక ఏమీ చెప్పదు. ‘నాట్ల వారాల్లో సందర్శనలు బాగా పడిపోయాయి’ అనేది చెబుతుంది. ప్రతి స్లైడ్ పైన పూర్తి వాక్యం, కింద దానికి ఆధారంగా ఒక బొమ్మ అనే ఈ పద్ధతిని అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సాంకేతిక రచన బోధించే మైఖేల్ ఆలీ చాలాకాలంగా ప్రచారం చేస్తున్నారు. దీనికి ఒక ఉపయోగం ఉంది: శీర్షికలను మాత్రమే వరుసగా చదివితే ప్రసంగం సారాంశం రావాలి. రాకపోతే లోపం ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది. వాక్యం రెండు వరుసలు దాటితే ఆ స్లైడ్‌లో రెండు విషయాలు దూరాయని అర్థం. వక్త చెప్పబోయేదంతా తెర మీద రాయడం కూడా మంచిది కాదు. జనం చదువుతూ వినలేరు, రెండిట్లో ఒకటి వదిలేస్తారు, సాధారణంగా వినడాన్నే.

అక్షరాలు 24 పాయింట్ల కన్నా చిన్నగా ఉండకపోతే వెనుక వరుసకు కనబడతాయి. తెలుగులో స్లైడ్లు చేసేవారికి మరో రెండు చిక్కులు. వత్తులు కిందికి, గుడి, ఏత్వం లాంటివి పైకి వెళ్తాయి గనుక వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిషుకు ఇచ్చినంత ఇస్తే అక్షరాలు ఒకదానికొకటి తగులుకుంటాయి. కాస్త ఎక్కువ ఇవ్వాలి. రెండోది, సొంత కంప్యూటర్‌లో ముచ్చటగా ఉన్న ఫాంట్ సదస్సు కంప్యూటర్‌లో లేకపోతే అక్షరాల బదులు గళ్లు కనబడతాయి, లేదంటే ఇంకేదో ఫాంట్ వచ్చి వరుసలన్నీ చెదిరిపోతాయి. పీడీఎఫ్ ప్రతి ఒకటి పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. యానిమేషన్లు ఉంటే పీడీఎఫ్‌లో పోతాయి. ఏడు స్లైడ్ల ప్రసంగానికి అవి అంత అవసరమూ కాదు.

స్లైడ్లు పూర్తయ్యాక గడియారం పెట్టుకుని, నిలబడి, పైకి మాట్లాడుతూ ఒకసారి చెప్పి చూడాలి. మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే పడుతుంది. ఎనిమిది నిమిషాలు దాటితే మాటల వేగం పెంచడం కాదు, ఒక స్లైడ్ తీసేయాలి. తీసేయాల్సి వస్తే ముందు పోవాల్సింది సమస్యను వివరించే రెండోది. ఐదు, ఆరు మాత్రం పోకూడదు. తీసేసినవాటిని ఏడోదాని తర్వాత దాచి ఉంచుకోవచ్చు: బీపీ సగటు, ఆశాల శిక్షణ ఎన్ని గంటలు, 96 మందిని ఎలా ఎంచుకున్నారు, ఒక్కో సందర్శనకు ఖర్చెంత. సాధారణంగా వచ్చే ప్రశ్నలివే. పవర్‌పాయింట్‌లో స్లైడ్ నంబరు నొక్కి ఎంటర్ కొడితే నేరుగా ఆ స్లైడ్‌కు వెళ్తుంది. కాబట్టి దాచినవాటి నంబర్లు చిన్న కాగితం మీద రాసుకుని బల్ల మీద పెట్టుకుంటే, హాలంతా చూస్తుండగా స్లైడ్ల వెంట వెనక్కీ ముందుకీ వెతుక్కునే పని ఉండదు.

‘మరి బీపీ తగ్గిందా?’ అని తప్పకుండా ఎవరో అడుగుతారు. అప్పుడు ఆ స్లైడ్ తెరిచి, 152, 144 అనే అంకెలను 61 మంది విడివిడి చుక్కలతో సహా చూపి, పోలిక బృందం లేదని, 11 మంది లెక్కలో లేరని చెప్పి, మళ్లీ ఏడో స్లైడ్‌కు రావాలి.